పీ53 ఆ డీఎన్ఏ ముక్కనే పట్టుకుంటుందని చూపించడం ఎలా: ముందు జెల్ షిఫ్ట్, తర్వాత చిప్

"ఫలానా ప్రోటీన్ ఫలానా సీక్వెన్స్‌కి అతుక్కుంటుంది" అని థీసిస్‌లో ఒక్క వాక్యం రాసేస్తాం కానీ, అందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ ప్రోటీన్‌కి ఆ సీక్వెన్స్‌ని పట్టుకునే శక్తి ఉందా అనేది మొదటిది. బతికున్న కణంలో, హిస్టోన్ల చుట్టూ చుట్టుకుని ఉన్న అసలు జీనోమ్ మీద, అది నిజంగా అక్కడికి వెళ్లి కూర్చుంటుందా అనేది రెండోది. మొదటిదానికి జెల్ షిఫ్ట్ చేస్తాం (పేపర్లలో ఎంసా అని కనిపించేది ఇదే), రెండోదానికి క్రోమాటిన్ ఇమ్యూనోప్రెసిపిటేషన్, అంటే చిప్. ఒకదాని జవాబుని రెండోదాని జవాబుగా రాస్తేనే రివ్యూయర్లు పట్టుకుంటారు.

గాల్లో చెప్పడం కంటే ఒక అసలు కేసు పట్టుకుని వెళ్దాం. పీ53 ప్రోటీన్, పీ21 జన్యువు. పీ53 పైకి లేస్తే పీ21 ఆన్ అవుతుందని 1993 నుంచి తెలుసు, ప్రమోటర్‌లో అది కూర్చునే చోటు కూడా తెలుసు, జన్యువు మొదలయ్యే చోటికి సుమారు 2.2 కిలోబేస్‌లు ముందు. జవాబు తెలిసిన కేసు కాబట్టి మీ ల్యాబ్‌లో ఈ రెండు పద్ధతులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసుకోవడానికి దీనికి మించింది లేదు. మీ సొంత ప్రోటీన్ దగ్గరికి తర్వాత వెళ్లండి.

ప్రోబ్ డిజైన్

పీ53 సైట్ అంటే పది అక్షరాల సగాలు రెండు. ప్రతి సగంలో నాలుగో చోట C, ఏడో చోట G ఉండాలి. మిగతా చోట్ల కొంత అటూఇటూ అయినా పీ53 సర్దుకుంటుంది, ఈ రెండు పోతే మాత్రం సర్దుకోదు. పీ21 దగ్గరున్న సైట్, దాని పక్కన మనం చేసుకోవాల్సిన మ్యుటెంట్ ఇవి:

```
WT   GAACATGTCC CAACATGTTG
MUT  GAAAATTTCC CAAAATTTTG
```

ఇరవై అక్షరాల్లో నాలుగే మారాయి చూడండి. పొడవు అదే, ఆ నాలుగూ తప్ప అంతా అదే. చాలామంది మ్యుటెంట్ అంటే మొత్తం సీక్వెన్స్‌ని చిందరవందర చేసి పెడతారు, అప్పుడు బైండింగ్ పోయినా ఏ అక్షరాల వల్ల పోయిందో చెప్పలేరు. కంట్రోల్ అసలుకి ఎంత దగ్గరగా ఉంటే దాని మాట అంత గట్టిది.

ఈ ఇరవై అక్షరాలకి రెండు వైపులా జీనోమ్‌లో నిజంగా ఉన్న పక్క అక్షరాలనే ఎనిమిదీ పదీ చొప్పున కలుపుకోండి, మొత్తం 36 నుంచి 40 వరకు వస్తుంది. సైట్ మరీ అంచుకు వస్తే ప్రోటీన్‌కి పట్టు దొరకదు.

ఒక పోగుకి ఒక కొసన ఫ్లోరోసెంట్ లేబుల్ పెట్టించి ఆర్డర్ చేయండి. రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ కూడా బాగానే పనిచేస్తుంది, అన్నిటికంటే సెన్సిటివ్ కూడా, కానీ దాని అర్ధాయువు 14.3 రోజులే, లైసెన్సూ వ్యర్థాల గొడవా వేరే. బయోటిన్ పెడితే జెల్ నుంచి నైలాన్ పొరకి బదిలీ చేసి తర్వాత కెమిలూమినెసెన్స్ చేయాలి, ఆ బదిలీ దగ్గరే సగం ప్రయోగాలు పాడవుతాయి. ఫ్లోరోసెంట్ అయితే జెల్‌ని గాజు పలకల మధ్య ఉండగానే స్కాన్ చేసుకోవచ్చు, సరిపోకపోతే మళ్లీ కాసేపు నడపొచ్చు. కాంపిటీటర్‌గా వాడే ఆలిగోలకి మాత్రం ఏ లేబులూ ఉండకూడదు.

రెండు పోగుల్నీ సమానంగా కలిపి, 10 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న బఫర్‌లో 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలుంచి, హీట్ బ్లాక్ ఆపేసి అందులోనే గది వేడికి చల్లారనివ్వండి. ఈ సీక్వెన్స్‌తో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. రెండో సగం, CAACATGTTG, దాన్ని తిరగేసి జత అక్షరాలు రాసినా అదే వస్తుంది. అంటే ఒంటరి పోగు తన మీద తానే మడత పడి హెయిర్‌పిన్ అయిపోగలదు. హఠాత్తుగా ఐసులో పెట్టి చల్లార్చినా, మరీ పలచగా కలిపినా ఇదే జరుగుతుంది. అందుకే 5 నుంచి 10 మైక్రోమోలార్ గాఢతలో నెమ్మదిగా చల్లార్చి, వాడే ముందు ఆ ప్రోబ్‌నీ పక్కన ఒంటరి పోగునీ నేటివ్ జెల్ మీద ఒకసారి నడిపి చూడండి. ప్రోబ్ ఒక్కదాన్నే వేసిన లేన్‌లో రెండు బ్యాండ్లు కనిపిస్తే తర్వాత కనిపించే ఏ షిఫ్ట్‌నీ నమ్మలేరు.

ప్రోటీన్ ఎక్కడిది

హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలు తీసుకోండి. వీటిలో పీ53 మామూలుగానే ఉంటుంది, పైగా పీ53 జన్యువుని తీసేసిన జోడీ కణాలు కూడా దొరుకుతాయి, మన రెండు ప్రయోగాలకీ అన్నిటికంటే మంచి నెగటివ్ కంట్రోల్ ఆ జోడీయే. ఒత్తిడి లేని కణంలో ఎండీఎం2 అనే ప్రోటీన్ పీ53ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తూ ఉంటుంది. నట్లిన్-3ఎ ఆ ఎండీఎం2లో పీ53 దూరే గుంటని మూసేస్తుంది, దాంతో పీ53 పోగుపడుతుంది. 10 మైక్రోమోలార్ నట్లిన్ ఎనిమిది గంటలు ఇవ్వండి, పక్క ప్లేట్లకి అంతే డీఎంఎస్ఓ. డాక్సోరూబిసిన్ లాంటి మందుతో కూడా పీ53 లేస్తుంది కానీ, అది స్వయంగా డీఎన్ఏలో దూరే మందు. డీఎన్ఏ బైండింగ్ చూపించే ప్రయోగంలో ఆ చిక్కు దేనికి?

కణాల నుంచి న్యూక్లియర్ ఎక్స్‌ట్రాక్ట్ తీయండి, మామూలు హై సాల్ట్ పద్ధతే. చిన్న చిన్న వాటాలుగా మైనస్ 80లో దాచుకుని, ఒక్కో వాటాని ఒక్కసారే కరిగించండి. ముందు వెస్టర్న్ బ్లాట్ చేసి నట్లిన్ లేన్‌లో పీ53 పెరిగిందని చూసుకున్నాకే జెల్ షిఫ్ట్‌కి దిగండి. ఇది దాటేసి, షిఫ్ట్ రాకపోతే రెండు వారాలు బఫర్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు.

రియాక్షన్, లేన్లు

ఒక్కో రియాక్షన్ 20 మైక్రోలీటర్లు. చివరికి ట్యూబులో ఉండాల్సినవి: 20 మిల్లీమోలార్ హెపీస్ పీహెచ్ 7.9, సుమారు 50 మిల్లీమోలార్ ఉప్పు, 1 మిల్లీమోలార్ డీటీటీ, 10 శాతం గ్లిసరాల్, మిల్లీలీటర్‌కి 0.1 మిల్లీగ్రామ్ బీఎస్ఏ, 5 మైక్రోగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్, 20 ఫెమ్టోమోల్స్ ప్రోబ్. ఉప్పు లెక్క దగ్గర కాస్త జాగ్రత్త. ఎక్స్‌ట్రాక్ట్ బఫర్‌లో 420 మిల్లీమోలార్ ఉప్పు ఉంటే, దాన్ని 2 మైక్రోలీటర్లు వేస్తేనే రియాక్షన్‌లోకి 42 వచ్చేస్తుంది, అంటే బఫర్‌లో ఇక మీరు వేయాల్సింది దాదాపు ఏమీ లేదు. ప్రతి ట్యూబులోనూ ఎక్స్‌ట్రాక్ట్ వేసినా వేయకపోయినా అంతే బఫర్ పడాలి, లేకపోతే ఉప్పు తేడాకి వచ్చిన మార్పుని ప్రోటీన్ వల్ల అనుకుంటారు. ఈడీటీఏ చేయి జారనివ్వకండి, పీ53 డీఎన్ఏని పట్టుకునే భాగంలో జింక్ ఉంటుంది, ఈడీటీఏ ఎక్కువైతే దాన్ని లాగేస్తుంది.

ఎక్స్‌ట్రాక్ట్‌లో ఏ డీఎన్ఏ దొరికినా పట్టుకునే ప్రోటీన్లు కుప్పలుగా ఉంటాయి. వాటి దృష్టి మళ్లించడానికే పాలీ డీఐ-డీసీ వేస్తాం. చాలా ప్రోటోకాల్స్ కళ్లు మూసుకుని ఒక మైక్రోగ్రామ్ వేయమంటాయి, పీ53తో అది దెబ్బ కొట్టొచ్చు. పీ53 తోకలో, అంటే సీ-టర్మినల్ చివర, సీక్వెన్స్ చూడకుండా పొడవాటి డీఎన్ఏని పట్టుకునే భాగం ఒకటుంది, పాలీ డీఐ-డీసీ పొడవాటి పోగులు దాన్ని లాక్కుపోతాయి. 50 నానోగ్రాములతో మొదలుపెట్టి 100, 200, 500 అని పెంచుకుంటూ, బ్యాక్‌గ్రౌండ్ తగ్గి షిఫ్ట్ మిగిలే చోట ఆగండి. ఆ తోకకే అతుక్కునే పీఏబీ421 అనే యాంటీబాడీ వేస్తే షిఫ్ట్ పైకి జరగడమే కాదు, చాలాసార్లు ముదురుతుంది కూడా. తోక కట్టేయడం వల్ల అసలు సైట్ మీద పట్టు నిలబడుతుంది కాబట్టి అలా జరుగుతుంది, ఏదో తప్పు జరిగిందని కంగారు పడకండి.

లేన్లు ఇలా వేసుకోండి:

1. ప్రోబ్ మాత్రమే
2. ప్రోబ్, డీఎంఎస్ఓ ఎక్స్‌ట్రాక్ట్
3. ప్రోబ్, నట్లిన్ ఎక్స్‌ట్రాక్ట్
4. మూడో లేన్‌దే, దానికి వంద రెట్లు లేబుల్ లేని అసలు ఆలిగో
5. మూడో లేన్‌దే, వంద రెట్లు లేబుల్ లేని మ్యుటెంట్ ఆలిగో
6. మూడో లేన్‌దే, పీఏబీ421
7. మూడో లేన్‌దే, అంతే బరువు మామూలు ఎలుక ఐజీజీ
8. ప్రోబ్, పీ53 లేని కణాల నట్లిన్ ఎక్స్‌ట్రాక్ట్
9. లేబుల్ ఉన్న మ్యుటెంట్ ప్రోబ్, నట్లిన్ ఎక్స్‌ట్రాక్ట్

వంద రెట్లు అంటే 20 ఫెమ్టోమోల్స్‌కి 2 పికోమోల్స్, బరువులో కాదు, మోల్స్‌లో. కలిపే వరుస కూడా ముఖ్యమే. బఫర్, పాలీ డీఐ-డీసీ, ఎక్స్‌ట్రాక్ట్, ఆ లేన్‌కి కాంపిటీటర్ గానీ యాంటీబాడీ గానీ ఉంటే అది, పది పదిహేను నిమిషాలు ఆగి, అన్నిటికంటే చివర్లో లేబుల్ ప్రోబ్. తర్వాత గది వేడిలో, చీకట్లో, ఇరవై నిమిషాలు. కాంపిటీటర్‌ని ప్రోబ్ తర్వాత వేస్తే అప్పటికే కట్టుబడిన కాంప్లెక్స్ విడిపోవడానికి టైమ్ పడుతుంది, మీరేమో పోటీ లేదని రాసుకుంటారు.

జెల్

పీ53 నాలుగు కలిసి ఒక గుంపుగా సైట్‌ని పట్టుకుంటాయి, అంటే కాంప్లెక్స్ పెద్దది, దానిపైన యాంటీబాడీ కూడా ఎక్కుతుంది. కాబట్టి 4 శాతం నేటివ్ యాక్రిలమైడ్ జెల్, 0.5× టీబీఈ. జెల్‌లో ఎస్‌డీఎస్ ఛాయ కూడా ఉండకూడదు, వెస్టర్న్‌కి వాడే పలకలైతే బాగా కడిగి వాడండి. ఖాళీ జెల్‌ని కోల్డ్ రూమ్‌లో 100 వోల్టుల దగ్గర ముప్పావు గంట ముందే నడపండి, మిగిలిపోయిన పెర్‌సల్ఫేట్ బయటకి పోతుంది. శాంపిల్స్‌లో రంగు కలపొద్దు, గ్లిసరాల్ ఉంది కాబట్టి అవే కిందికి దిగుతాయి. బ్రోమోఫినాల్ బ్లూని పక్కనున్న ఖాళీ వెల్‌లో వేయండి, ఎందుకంటే ఎర్ర రంగు ఫ్లోరోసెంట్ స్కాన్‌లో అది కూడా వెలిగిపోయి మీ ప్రోబ్‌ని కప్పేస్తుంది. ఇంకో సంగతి, 5 శాతం నేటివ్ జెల్‌లో ఆ నీలం రంగు సుమారు 65 బేస్ జతల డీఎన్ఏతో సమానంగా పరిగెడుతుంది, 4 శాతంలో ఇంకా పెద్దదానితో. మీ ప్రోబ్ 40 లోపే కాబట్టి రంగుకి ముందే ఉంటుంది. రంగు సగం దాటగానే ఆపి స్కాన్ చేయండి, అడుగుదాకా ఎదురుచూస్తే ప్రోబ్ బఫర్‌లో కలిసిపోతుంది.

ఏది నమ్మాలి

నిజమైన పీ53 బ్యాండ్ అంటే మూడో లేన్‌లో ఉండాలి, రెండులో తక్కువగా ఉండాలి, నాలుగులో మాయమవ్వాలి, ఐదులో మూడుతో సమానంగా నిలబడాలి, ఆరులో పైకి జరగాలి, ఏడులో కదలకూడదు, ఎనిమిదీ తొమ్మిదీ ఖాళీగా ఉండాలి. వీటిలో ఒక్కటి మాత్రమే చూపించే టైమ్ ఉందంటే నాలుగూ ఐదూ జోడీని ఎంచుకుంటాను. నాలుగు ఒక్కటే చూపిస్తే దానర్థం "డీఎన్ఏ ఎక్కువైతే పట్టు పోతుంది" అని మాత్రమే, అది ఏ ప్రోటీన్‌కైనా నిజమే. నాలుగు అక్షరాలు మారిన అదే పొడవు ఆలిగో పోటీ ఇవ్వలేకపోవడంలోనే సీక్వెన్స్‌ని గుర్తుపట్టడం కనిపిస్తుంది.

ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న అన్ని లేన్లలో, పీ53 లేని కణాల్లో కూడా, ముదురు బ్యాండ్ ఒకటి వస్తే చాలాసార్లు అది కూ ప్రోటీన్. న్యూక్లియస్‌లో అది బోలెడంత ఉంటుంది, డీఎన్ఏ కొసల్ని పట్టుకుంటుంది, మన ప్రోబ్‌కి రెండు కొసలున్నాయి మరి. అసలు ఆలిగో, మ్యుటెంట్ రెండూ దాన్ని ఒకేలా తగ్గిస్తాయి, దాన్నిబట్టే గుర్తుపట్టాలి. సిగ్నల్ అంతా వెల్‌లోనే ఇరుక్కుంటే ప్రోటీన్ ముద్దకట్టింది, ఎక్స్‌ట్రాక్ట్ తగ్గించి, కరిగించగానే గట్టిగా సెంట్రిఫ్యూజ్ చేసి పైది వాడండి. బ్యాండ్ బదులు ప్రోబ్ దాకా సాగిన మరక వస్తే జెల్ నడుస్తుండగా కాంప్లెక్స్ విడిపోతోంది, వోల్టేజీ తగ్గించి చల్లగా ఉంచడం, జెల్ తక్కువ దూరం నడపడం, ఇవి ముందు చూడాలి.

ఒక లోటు ఇంకా ఉంది. ఎక్స్‌ట్రాక్ట్‌లో వేల ప్రోటీన్లున్నాయి, పీ53 వేరే ప్రోటీన్ భుజం మీద ఎక్కి డీఎన్ఏ దగ్గరికి వచ్చినా ఆరో లేన్‌లో బ్యాండ్ పైకి జరుగుతుంది, అంటే సూపర్‌షిఫ్ట్ వస్తుంది. దీన్ని మూసేయాలంటే శుద్ధి చేసిన పీ53తో అదే ప్రోబ్, అదే మ్యుటెంట్ పెట్టి మళ్లీ చేయాలి. అక్కడ షిఫ్ట్ వస్తే పీ53 సొంతంగానే పట్టుకుంటుందని రాసుకోవచ్చు.

ఇక కణంలోకి: ఫార్మాల్డిహైడ్

చిప్‌లో మొదటి పది నిమిషాలే అన్నీ నిర్ణయిస్తాయి. 15 సెంటీమీటర్ల ప్లేట్లలో కణాలు ముప్పావు వంతు నిండాక నట్లిన్, డీఎంఎస్ఓ అదే ఎనిమిది గంటలు, పీ53 లేని కణాలకి కూడా. తర్వాత మీడియం మీదే ఫార్మాల్డిహైడ్ 1 శాతం అయ్యేలా వేయండి. 37 శాతం సీసా నుంచి అయితే ప్రతి 10 మిల్లీలీటర్ల మీడియంకి 270 మైక్రోలీటర్లు. సీసా ఎప్పుడు తెరిచారో చూసుకోండి, అడుగున తెల్లటి పొడి పేరుకుంటే పారేయండి. పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, అది క్యాన్సర్ కారకం.

గది వేడిలో పది నిమిషాలు, మెల్లగా ఊపుతూ. తర్వాత 2.5 మోలార్ గ్లైసిన్‌ని మీడియంలో ఇరవయ్యో వంతు వేసి ఐదు నిమిషాలు, మిగిలిన ఫార్మాల్డిహైడ్‌ని అది తినేస్తుంది. చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి గీకి తీయండి. సిగ్నల్ తక్కువొచ్చిందని పది నిమిషాల్ని ముప్పై చేయాలనిపిస్తుంది, చేయకండి. ఎక్కువసేపు ఉంచితే క్రోమాటిన్ గట్టిపడి సోనికేషన్‌కి విరగదు, యాంటీబాడీ పట్టుకునే చోటు మూసుకుపోవచ్చు, సంబంధం లేని ప్రోటీన్లు కూడా అతుక్కుపోయి బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది.

సోనికేషన్

ముందు కణాల పైపొర విప్పి న్యూక్లియస్‌లని వేరు చేసి, వాటిని 1 శాతం ఎస్‌డీఎస్, 10 మిల్లీమోలార్ ఈడీటీఏ, 50 మిల్లీమోలార్ ట్రిస్ ఉన్న బఫర్‌లో కరిగించి, ఐసులోనే సోనికేట్ చేయండి. గురి 200 నుంచి 500 బేస్ జతలు. ఎన్ని పల్స్‌లు అనేది మీ మెషీన్, మీ కణాలు, మీ ట్యూబు మీద ఆధారపడుతుంది, వేరేవాళ్ల నంబర్ మీకు పనికిరాదు. ఒక బ్యాచ్ తీసుకుని కొన్ని పల్స్‌లకోసారి కొంచెం తీసి చూసుకుంటూ పోవాలి. ఆ తీసినదాన్ని అలాగే జెల్‌లో వేస్తే ప్రోటీన్లు అతుక్కుని ఉండటంతో ముక్కలు అసలు కంటే పెద్దగా కనిపిస్తాయి. క్రాస్‌లింక్ విప్పి, ప్రోటీనేజ్ కొట్టి, డీఎన్ఏ శుద్ధి చేసి, అప్పుడు 1.5 శాతం అగరోజ్ మీద చూడండి. నురగ వచ్చిందంటే సోనికేటర్ ప్రోబ్ ద్రవం పైకి వచ్చేసింది, ఆ ట్యూబ్ ఇక సరిగ్గా విరగదు.

ముక్క సైజు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పీ21 ప్రమోటర్‌లో పీ53కి ఇంకో సైట్ ఉంది, సుమారు 1.4 కిలోబేస్‌ల దగ్గర. మనం చూస్తున్నదానికి 900 బేస్‌ల దూరం కూడా లేదు. మీ ముక్కలు కిలోబేస్ పైన ఉంటే అక్కడ కూర్చున్న పీ53 ఇక్కడి డీఎన్ఏని కూడా లాక్కొస్తుంది, రెండు సైట్లూ కలిసిపోతాయి. చిప్ చెప్పేది "ఈ అక్షరాల మీద" అని కాదు, "ఈ కొన్ని వందల బేస్‌ల ఇలాకాలో" అని మాత్రమే.

యాంటీబాడీతో లాగడం

సెంట్రిఫ్యూజ్ చేసి పైదాన్ని తీసుకుని, ఎస్‌డీఎస్ లేని బఫర్‌తో పది రెట్లు పలచన చేయండి, ఎస్‌డీఎస్ 0.1 శాతానికి దిగాలి, లేకపోతే యాంటీబాడీయే పాడవుతుంది. ఇక్కడే, యాంటీబాడీ వేయకముందే, ఒక్కో ఐపీకి వాడే మొత్తంలో 1 శాతం పక్కకి తీసి ఇన్‌పుట్ అని రాసి పెట్టుకోండి. ఒక్కో ఐపీకి ఐదు మిలియన్ల కణాలకి సరిపడా క్రోమాటిన్, 2 నుంచి 5 మైక్రోగ్రాముల డీఓ-1 యాంటీబాడీ. ఇది పీ53 ముందు చివరని, అంటే ఎన్-టర్మినల్ వైపుని పట్టుకుంటుంది. జెల్ షిఫ్ట్‌లో వాడిన పీఏబీ421ని ఇక్కడ వాడొద్దనడానికి కారణం, అది పట్టుకునే తోకలో కణం లోపల ఎసిటైల్, ఫాస్ఫేట్ గుర్తులు పడుతుంటాయి, అప్పుడు దానికి పట్టు దొరకదు. డీఓ-1 ఎలుక ఐజీజీ2ఏ కాబట్టి కంట్రోల్ ఐజీజీ కూడా అదే రకం తీసుకోండి, ప్రోటీన్ జీ బీడ్స్ వాడండి.

రాత్రంతా కోల్డ్ రూమ్‌లో తిప్పి, పొద్దున్న బీడ్స్ వేసి రెండు గంటలు. తర్వాత కడుగుళ్లు: 150 మిల్లీమోలార్ ఉప్పు, 500 మిల్లీమోలార్ ఉప్పు, 250 మిల్లీమోలార్ లిథియం క్లోరైడ్, చివర టీఈ రెండుసార్లు, ఒక్కోటి ఐదు నిమిషాలు. చివరి కడుగుడుకి ముందు బీడ్స్‌ని కొత్త ట్యూబులోకి మార్చండి, గోడలకి అంటుకున్న క్రోమాటిన్ పాత ట్యూబులోనే ఉండిపోతుంది, ఐజీజీ బ్యాక్‌గ్రౌండ్ తగ్గడానికి ఇంత చవకైన మార్గం వేరే లేదు. 1 శాతం ఎస్‌డీఎస్, 0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్‌తో బీడ్స్ నుంచి విడిపించి, 200 మిల్లీమోలార్ ఉప్పు చేర్చి 65 డిగ్రీల దగ్గర రాత్రంతా, ఆపైన ఆర్ఎన్ఏజ్, ప్రోటీనేజ్ కే, కాలమ్. ఇన్‌పుట్ ట్యూబుని కూడా ఇదే దారిలో నడిపించడం మర్చిపోకండి, అది మర్చిపోతే లెక్క వేయడానికేమీ మిగలదు.

క్యూపీసీఆర్, లెక్క

ప్రైమర్లు సైట్‌ని మధ్యలో పెట్టుకుని 70 నుంచి 120 బేస్‌ల ముక్కనిచ్చేలా ఉండాలి. రెండో జత అదే జన్యువులో పీ53 సైట్లన్నిటికీ చాలా కిలోబేస్‌ల దూరంగా. రెండు జతల ఎఫిషియెన్సీ ఇన్‌పుట్‌ని పలచన చేస్తూ ముందే చూసుకోండి, కింది లెక్క ప్రతి సైకిల్‌కీ డీఎన్ఏ రెట్టింపవుతుందని అనుకుని వేసేది.

```
%input = 100 × 2^((Ct_input − 6.64) − Ct_IP)
```

ఆ 6.64 ఎక్కడిదంటే, మనం పక్కకి తీసింది నూరో వంతు, వందకి రెండు బేస్ లాగరిథమ్ అంతే. 2 శాతం తీసి ఉంటే 5.64 అవుతుంది. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. సైట్ దగ్గర ఇన్‌పుట్ సీటీ 25.0, సర్దాక 18.36. నట్లిన్ డీఓ-1 సీటీ 23.4 వచ్చిందనుకుంటే తేడా మైనస్ 5.04, అంటే సుమారు 3 శాతం ఇన్‌పుట్. డీఎంఎస్ఓలో, ఇన్‌పుట్ అంతే ఉండి, సీటీ 26.4 అయితే 0.38 శాతం. నట్లిన్ కణాల్లోనే ఐజీజీకి 30.0 వస్తే 0.03 శాతం. దూరపు ప్రైమర్లతో ఇన్‌పుట్ 25.2, డీఓ-1 29.8 అయితే 0.04 శాతం. ఇలాంటి చిత్రం వస్తే నమ్మొచ్చు: నట్లిన్‌తో ఎనిమిది రెట్లు పెరిగింది, దూరపు చోట మాత్రం ఐజీజీ స్థాయిలోనే ఉండిపోయింది.

ఐజీజీతో భాగించి "వంద రెట్ల ఎన్‌రిచ్‌మెంట్" అని మాత్రమే చూపించే బార్ గ్రాఫ్‌లంటే నాకు నమ్మకం లేదు. ఐజీజీ సీటీ 35 దాటాక అక్కడ ఉన్నది దాదాపు శబ్దమే, శబ్దంతో భాగిస్తే ఎంత పెద్ద అంకెనైనా తయారు చేయొచ్చు. శాతం ఇన్‌పుట్‌నే గ్రాఫ్‌గా వేసి, ఐజీజీని పక్కన ఇంకో బార్‌గా పెట్టండి. ఐజీజీ కంటే గట్టి కంట్రోల్ పీ53 లేని కణాల్లో అదే డీఓ-1, ఎందుకంటే యాంటీబాడీ వేరే ప్రోటీన్‌ని పట్టుకుంటోందేమో అన్న అనుమానం ఐజీజీతో తీరదు. రెప్లికేట్ అంటే వేర్వేరు రోజుల్లో పెంచిన కణాలు, ఒకే డీఎన్ఏని క్యూపీసీఆర్ ప్లేటులో మూడు వెల్స్‌లో వేయడం కాదు.

దూరపు చోట కూడా సిగ్నల్ లేచి, సైట్‌తో సమానంగా ఉంటే సోనికేషన్ గానీ కడుగుడు గానీ బాలేదు. ఇన్‌పుట్ బాగుండి అన్ని ఐపీలూ ఐజీజీ స్థాయిలోనే ఉంటే, ఐపీ తర్వాత మిగిలిన ద్రవంలో, బీడ్స్ మీద పీ53 ఎంతుందో వెస్టర్న్‌లో చూడండి. పీ53 బీడ్స్ మీదకి అసలు రాకపోతే తప్పు యాంటీబాడీది లేదా ఎక్కువైన క్రాస్‌లింకింగ్‌ది. వచ్చి కూడా డీఎన్ఏ రాకపోతే క్రాస్‌లింకింగ్ చాలలేదు, లేదా కడుగుడు మరీ కఠినమైంది.

రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు

పీ21 విషయంలో రెండూ అవునంటాయి, బాగుంది. మీ సొంత ప్రోటీన్ దగ్గర ఒకటి అవును, ఇంకోటి కాదు అనొచ్చు, అప్పుడే అసలు పని మొదలవుతుంది.

జెల్ షిఫ్ట్ వచ్చి చిప్ రాలేదంటే, ఆ కణంలో ఆ చోటు మూసుకుని ఉందేమో చూడాలి. జెల్‌లో మనమిచ్చింది నున్నటి డీఎన్ఏ, కణంలో అదే సైట్ న్యూక్లియోజోమ్ కింద ఉండొచ్చు. అదే కణాల ఏటాక్ లేదా డీఎన్ఏజ్ డేటా ఉంటే ఆ చోటు తెరిచి ఉందో లేదో ముందు చూడండి, తర్వాత వేరే టైమ్, వేరే యాంటీబాడీ.

చిప్ వచ్చి జెల్ షిఫ్ట్ రాలేదంటే ఇంకాస్త ఓపిక కావాలి. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్‌ని డీఎన్ఏకే కాదు, ప్రోటీన్‌ని ప్రోటీన్‌కి కూడా అతికిస్తుంది, కాబట్టి మీ ప్రోటీన్ అసలు డీఎన్ఏని తాకకుండానే, దాన్ని పట్టుకున్న వేరే ప్రోటీన్ ద్వారా అక్కడ ఉండొచ్చు. లేదా దానికి జతగా ఇంకో ప్రోటీన్ కావాలేమో, అది మీ శుద్ధి చేసిన ట్యూబులో లేదు. ఎక్స్‌ట్రాక్ట్‌తో షిఫ్ట్ వచ్చి శుద్ధి చేసిన ప్రోటీన్‌తో రాకపోతే ఈ రెండిట్లో ఒకటి అని అనుమానించొచ్చు.

రెండూ అవునన్నాక కూడా "ఈ సీక్వెన్స్ వల్లే అక్కడ కూర్చుంటోంది" అనడానికి ఒక అడుగు తక్కువుంటుంది. జెల్‌లో మ్యుటెంట్ చేసిన ఆ నాలుగు అక్షరాలనే క్రిస్పర్‌తో కణంలోని జీనోమ్‌లో మార్చి, అదే చిప్ మళ్లీ చేయాలి. మన కేసులో అయితే ప్రైమర్లు మార్చిన అక్షరాల మీద పడకుండా పక్కన పెట్టుకోండి, 1.4 కిలోబేస్‌ల దగ్గరున్న రెండో సైట్‌కి కూడా ఒక జత ప్రైమర్లు ఉంచండి. మొదటి చోట సిగ్నల్ పడిపోయి రెండో చోట నిలబడితే యాంటీబాడీ, క్రోమాటిన్, ఐపీ అన్నీ పనిచేశాయనీ, పోయింది ఆ నాలుగు అక్షరాల వల్లేననీ ఒకే ప్లేటులో కనిపిస్తుంది.